శివరాత్రి జాగరణ: కుటుంబమంతా గుళ్లో తెల్లారేదాకా ఉండాలంటే మూడో జాముకు సిద్ధపడండి

ప్రశ్న: ఈ శివరాత్రికి మా ఊరి శివాలయంలో ఇంటిల్లిపాదీ జాగరణ చేద్దామనుకుంటున్నాం. నేను, మా వారు, మా అత్తయ్య (షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు), పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు. పోయినేడాది లింగోద్భవం అయ్యాక అందరం మండపంలోనే నిద్రపోయాం. ఉపవాసం ఎవరు ఎలా ఉండాలి, అభిషేకానికి ఏమేం తీసుకెళ్లాలి, తెల్లారేదాకా మెలకువగా ఎలా ఉండాలి?

సమాధానం:

లింగోద్భవం అయిన గంటలోపే మండపంలో సగంమంది నిద్రలోకి జారుకోవడం నేను ఏటా చూస్తూనే ఉంటాను. మా ఊరి శివాలయంలో శివరాత్రి అభిషేకాల వరుస, సామాన్లు చూసుకునే బాధ్యత చాలా ఏళ్లుగా నాది. భక్తి తక్కువై ఎవరూ నిద్రపోరు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి వరకు చేయాల్సినవన్నీ చేసేసి, ఆ తర్వాత ఐదారు గంటలకు చేతిలో ఏ పనీ మిగుల్చుకోరు. కడుపు ఖాళీ, చేతులు ఖాళీ, పైగా ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే సమయం కూడా అదే. అందుకని మీ కుటుంబం పేరున చేయించే అభిషేకాన్ని మూడో జాములో పెట్టుకోండి. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూ చూసుకోండి. ఎలాగో వివరంగా చెప్తాను.

ముందు జాముల లెక్క. జాము అంటే మూడు గంటలని మాటవరసకు అనుకుంటాం గానీ, శివరాత్రికి ఆ రోజు సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యోదయం వరకు ఉన్న రాత్రిని నాలుగు సమాన భాగాలు చేస్తారు. మీ ఊరి పంచాంగంలో అస్తమయం 6:15, మర్నాటి ఉదయం 6:40 అని ఉందనుకోండి. రాత్రి మొత్తం 12 గంటల 25 నిమిషాలు, అందులో నాలుగో వంతు 3 గంటల 6 నిమిషాలు. అంటే మొదటి జాము 9:21 వరకు, రెండోది 12:27 వరకు, మూడోది 3:34 వరకు, నాలుగోది తెల్లారేదాకా. లింగోద్భవ కాలానికి ఇదే రాత్రిని 15 ముహూర్తాలు చేసి, సరిగ్గా నడుమ వచ్చే ఎనిమిదో ముహూర్తాన్ని తీసుకుంటారు. మన లెక్కలో అది ఇంచుమించు 12:03 నుంచి 12:52 వరకు. మాఘ బహుళ చతుర్దశి ఈ నడిరాత్రి వేళకు ఉండాలి కాబట్టే, ఒక్కోసారి చతుర్దశి సాయంత్రం ఎప్పుడో మొదలైనా ఆ రాత్రే శివరాత్రి అవుతుంది. గడియారంలో పన్నెండు కొట్టగానే లింగోద్భవం అయిపోయిందని కొందరు లేచి వెళ్లిపోతుంటారు. మన లెక్కలో అప్పటికి అసలు ఘడియలు ఇంకా మొదలే కావు.

జాముకొక ద్రవ్యం ప్రధానంగా అభిషేకం చేసే సంప్రదాయం ఉంది: మొదటి జాములో పాలు, రెండో జాములో పెరుగు, మూడో జాములో నెయ్యి, నాలుగో జాములో తేనె. చాలా గుళ్లలో ప్రతి జాములోనూ పంచామృతాలన్నీ చేస్తూనే, ఆ జాముకు చెప్పిన ద్రవ్యాన్ని కొంచెం ఎక్కువగా వాడతారు. మీ గుడి పద్ధతి ఏదో అర్చకుల్ని వారం ముందే అడగండి. అప్పుడే మూడో జాములో మీ పేరు రాయించండి. చిన్న ఊళ్లలో ఆ వేళకు పేర్లు ఇచ్చేవాళ్లు చాలా తక్కువ. మొదటి జాములో జనం ఎక్కువ కాబట్టి లఘున్యాసం చేసి, ఒక్క ఆవృత్తి రుద్రంతో అందరి గోత్రనామాలూ కలిపి చెప్పేస్తారు. మూడో జాములో మీ నలుగురైదుగురి పేర్లూ నక్షత్రాలతో సహా నిదానంగా చెప్తారు. నమకం పదకొండు అనువాకాలు, చమకం పదకొండు అనువాకాలు కలిపి ఒకసారి చదవడానికి అరగంట పడుతుంది. న్యాసం, అలంకారం, హారతి కూడా కలుపుకుంటే గంట. ఆ గంటసేపు సంకల్పం చెప్పుకున్న మనిషికి నిద్ర రాదు. చెంబు చేతికి ఇస్తారు, ఎప్పుడు పోయాలో చూసుకుంటూ ఉండాలి కదా.

ఏకాదశ రుద్రాభిషేకం చేయించాలని మీ వారికి ఉండొచ్చు. అందులో నమకం పదకొండుసార్లు చదువుతూ, ప్రతిసారీ చమకంలో ఒక్కో అనువాకం చెప్తారు. దానికి గంటల తరబడి సమయం, మారి మారి చదివే రుత్విక్కులు కావాలి. ఒక్క అర్చకుడున్న గుళ్లో, ఆయన కూడా పొద్దుటి నుంచి ఉపవాసంతో నిలబడి ఉన్న రాత్రి, అది అడగకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం. ఒక్క ఆవృత్తి శ్రద్ధగా జరిగితే చాలు.

ఇక సామాన్లు. ఒక కుటుంబానికి అరలీటరు పాలు, పావుకిలో పెరుగు, వంద గ్రాముల ఆవునెయ్యి, యాభై గ్రాముల తేనె, వంద గ్రాముల పంచదార, రెండు కొబ్బరికాయలు, విభూతి, గంధపుచెక్క, మారేడు దళాలు, తెల్లటి పూలు. ఇంతే. అభిషేకప్రియుడంటే నీళ్లంటే ఇష్టమైనవాడని. ద్రవ్యం మారిన ప్రతిసారీ మధ్యలో శుద్ధోదకం పడాలి కాబట్టి రెండు బిందెల మంచినీళ్లు మాత్రం తప్పకుండా అందుబాటులో ఉంచుకోండి. పదేసి పాల ప్యాకెట్లు కోసి కుమ్మరిస్తే ఆ పాలన్నీ అభిషేక జలం బయటికి పారే సోమసూత్రం గుండా కాలవలో పడి, తెల్లారేసరికి వాసన పట్టి ఈగలు ముసురుతాయి. ఎక్కువ తేగలిగినవాళ్లు ఆ ప్యాకెట్లు విప్పకుండా వంటశాలలో ఇస్తే, పొద్దున జాగరణ చేసినవాళ్లకు పాలో మజ్జిగో అవుతాయి.

పాలు, పెరుగు రాగిచెంబులో పోయకండి. శాస్త్రం వద్దంటుంది, పెరుగులోని పులుపుకు రాగి చిలుమెక్కి రంగు కూడా మారుతుంది. నీళ్లకు రాగిచెంబు, మిగతావాటికి స్టీలు గిన్నెలో వెండివో సరిపోతాయి. సాయంత్రం ఆరింటికి తెచ్చిన పచ్చిపాలు రాత్రి రెండింటిదాకా బయట ఉంటే పులిసిపోతాయి. మీకు మూడో జాము కాబట్టి ఒక చిన్న ఐస్ డబ్బాలో ప్యాకెట్ విప్పకుండా పెట్టుకుని, అభిషేకానికి పావుగంట ముందు తీయండి. లింగం మీద పసుపు, కుంకుమ చల్లకండి. అవి అమ్మవారికి. మొగలిపువ్వు శివుడికి పనికిరాదు. లింగోద్భవ కథలోనే అది బ్రహ్మ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పింది. ఈ కథ పిల్లలకు రాత్రి చెప్పడానికి కూడా బాగుంటుంది.

మారేడు గురించి ఒక్క సంగతి చాలామందికి తెలియదు. చతుర్దశి నాడు మారేడు కోయకూడదంటారు. శివరాత్రి చతుర్దశే కాబట్టి ముందురోజే కోసి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. మూడు ఆకులూ విడిపోకుండా ఉండాలి. పురుగు తిన్నవి, చిల్లులు పడ్డవి ఏరి తీసేయండి. దళాన్ని బోర్లించి, నున్నటి వైపు లింగానికి తగిలేలా పెట్టాలి. దొరకలేదని కంగారు పడాల్సిన పని లేదు. ఒకసారి పూజ చేసిన మారేడునే కడిగి మళ్లీ సమర్పించవచ్చు, ఆ వెసులుబాటు మారేడుకు ఉంది.

నెయ్యి విషయంలో జాగ్రత్త. మూడో జాము వేళ చలికి డబ్బాలో నెయ్యి గడ్డకట్టి ఉంటుంది. చెంచాతో గీకి గీకి వేస్తుంటే రుద్రం ఆగదు, అభిషేకం ఆగిపోతుంది. రెండింటికల్లా వంటశాలలో వేడినీళ్లు అడిగి, గిన్నెలో ఆ నీళ్లు పోసి నెయ్యి డబ్బా అందులో నిలబెట్టండి. పది నిమిషాల్లో కరిగిపోతుంది. చేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి, వేడిగా ఉన్నప్పుడు పోయకూడదు. పోసిన తర్వాత అర్చకులు గోరువెచ్చటి నీళ్లతో లింగాన్ని కడుగుతారు. ఆ నెయ్యి కలిసిన నీళ్లు గడప దాకా వస్తాయి. రాతి నేల మీద ఆ జిడ్డు కంటికి కనిపించదు. మా గుళ్లో ఒకసారి పెద్దావిడ ఒకరు తీర్థం తీసుకుని వెనక్కి తిరగబోయి అక్కడే జారి పడ్డారు. అప్పటి నుంచి మూడో జాములో గడప దగ్గర గోనెపట్టా వేస్తున్నాం, పొడి బియ్యప్పిండి చల్లి తుడిపిస్తున్నాం. మీ అత్తయ్యగారు వస్తున్నారు కాబట్టి ఒక పాత గోనెసంచి మీరే వెంట తెచ్చుకోండి.

ఉపవాసానికి వస్తే, అందరికీ ఒకే కొలత పెట్టకండి. ధర్మశాస్త్రంలో ఒక శ్లోకం ఉంది: "అష్టైతాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః, హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్". నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఈ ఎనిమిదింటి వల్ల వ్రతం చెడదని దాని భావం. మన ఇళ్లలో శివరాత్రికి చిలగడదుంపలు ఉడకబెట్టుకోవడం, పండ్లు, పాలు తీసుకోవడం దీనికి సరిపోయేవే. తెలంగాణ వైపు చాలా ఇళ్లలో పగలంతా ఒక్కపొద్దుండి, సాయంత్రం గుడికి వెళ్లొచ్చాక కందగడ్డలు, పండ్లతో ఒక్కపొద్దు విడిచి, ఆ తర్వాత జాగారం చేస్తారు. కోస్తా వైపు మర్నాడు పొద్దున పారణ దాకా అన్నం ముట్టని ఇళ్లు ఎక్కువ. మీ ఇంటి ఆచారం ఏదైతే దాన్నే పాటించండి, రెండూ సరైనవే.

మీరూ మీ వారూ పండ్లు, పాలు, దుంపలతో ఉండొచ్చు. నీళ్లు మాత్రం మానకండి. నిర్జలం అలవాటు లేనివాళ్లు పగలంతా నీళ్లు మానేసి, రాత్రి జనంలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. కాఫీ అలవాటున్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. రోజూ రెండు మూడు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే సాయంత్రానికి తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది. ఉపవాసం పడలేదని అనుకుంటారు గానీ, అది కాఫీ మానిన నొప్పి. మీ ఆచారంలో పాలకు అభ్యంతరం లేకపోతే పొద్దున ఒక చిన్న కప్పు తాగండి. పూర్తిగా మానాలనుకుంటే నాలుగైదు రోజుల ముందు నుంచే తగ్గించుకుంటూ రండి.

పండ్లు కూడా ఒకేసారి తినొద్దు. తొమ్మిదింటికి పళ్లెం నిండా అరటిపండ్లు, ఖర్జూరాలు, చిలగడదుంపలు తిన్నవాళ్లు పదింటికల్లా కునుకుతుంటారు. జాముకు కొంచెంగా, రెండు మూడు ముక్కల చొప్పున తీసుకుంటే కడుపు తేలిగ్గా ఉంటుంది. పిల్లలకు ఉపవాసం వద్దు. పాప సరదా పడితే మధ్యాహ్నం వరకు ఉండనిచ్చి, ఆ తర్వాత పండ్లు, పాలు పెట్టండి. బాబుకి మామూలుగానే అన్నం పెట్టండి.

మీ అత్తయ్యగారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. షుగర్ మాత్రలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే, తిండి తగ్గినా చక్కెర మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ మాత్రం తిండి లేకపోయినా చక్కెరను కిందికి లాగుతూనే ఉంటాయి. మన దగ్గర చాలామంది వాడే ఒకే మాత్రలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిసి ఉంటాయి. కాబట్టి మాత్రల అట్ట వెనక రాసి ఉన్న పేర్లు చదవండి. పండగకు వారం ముందే డాక్టర్‌ని కలిసి, ఆ రోజు ఏ మాత్ర మానాలో, ఏది తగ్గించాలో రాయించుకోండి. సొంతంగా మానడం, మామూలుగా వేసుకుని తిండి మానడం రెండూ ప్రమాదమే. బీపీ మాత్ర నీళ్లతో వేసుకోవచ్చు. ఔషధం వ్రతభంగం కాదని శ్లోకమే చెప్తోంది. డాక్టర్ ఉపవాసం వద్దంటే ఆవిడ రాత్రి మామూలు పలహారం చేసి జాగరణ మాత్రం చేయొచ్చు.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, శివరాత్రి రాత్రి గుళ్లో పెద్దవాళ్లు కళ్లు మూసుకుంటే అందరూ నిద్ర అనుకుంటారు. చక్కెర పడిపోయినా చూడ్డానికి అలాగే ఉంటుంది. నుదురు, మెడ తాకి చూడండి. చలి రాత్రి చెమట పట్టి ఉన్నా, చేతులు వణుకుతున్నా, పిలిస్తే పొంతన లేని జవాబిచ్చినా అది నిద్ర కాదు. గ్లూకోమీటర్ సంచిలో పెట్టుకోండి. 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయండి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. పెరిగాక ఏదైనా తినిపించండి. మీటర్ లేకపోతే ఆ లక్షణాలు కనిపించగానే ఇచ్చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పంచదార ఎలాగూ అభిషేకం సంచిలోనే ఉంటుంది, దాంట్లో కొంచెం విడిగా పొట్లం కట్టి మీ దగ్గరే ఉంచుకోండి.

జాగరణకు సిద్ధపడటం ముందు రాత్రే మొదలవుతుంది. వ్రతం పట్టినవాళ్లు శివరాత్రి పగలు నిద్రపోకూడదనే నియమం ఉంది. అది పాటించాలంటే ముందు రెండు రాత్రులు తొమ్మిదింటికల్లా పడుకోవాలి. చాలా ఇళ్లలో దీనికి తిరకాసుగా, ముందు రాత్రి పదకొండు దాకా పిండివంటలు, పూజగది సర్దడాలు పెట్టుకుంటారు. ఆ పని ఇంకో రోజు ముందుకు జరపండి. వ్రతం పట్టని పిల్లలు మాత్రం మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవచ్చు, పడుకోవాలి కూడా.

రాత్రి మీ కుటుంబం ఎలా నడుచుకోవచ్చో పైన లెక్క కట్టిన గంటల ప్రకారమే చెప్తాను. అయిదున్నరకు స్నానాలు చేసి, ఆరింటికి గుడికి చేరండి. మొదటి జాము అభిషేకం అందరితో కలిసి చూడండి. ముందు వరుసకు తోసుకోకుండా, నందీశ్వరుడి పక్కగా గోడ లేని చోట చాప వేసుకోండి. అత్తయ్యగారికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెంట తెచ్చుకోండి. మీరిద్దరూ మాత్రం స్తంభానికో గోడకో ఆనుకోకండి. వీపు ఆనిందంటే నిద్ర మొదలైనట్టే. తొమ్మిది కాకముందే బాబును దీపాలకు దూరంగా ఒక మూల పడుకోబెట్టండి. పక్కన దుప్పటి, స్వెటర్ ఉండాలి, తెల్లవారుజామున చలి బాగా పెరుగుతుంది.

రెండో జాము భజనలతో, కథలతో తేలిగ్గానే గడుస్తుంది. పాపకు శ్రీశైలంలో జరిగే పాగాలంకరణ గురించి చెప్పండి. శివరాత్రి రాత్రి అక్కడ దీపాలన్నీ ఆర్పేసి, ఆ చీకట్లో చేనేత కుటుంబానికి చెందిన భక్తుడు గుడి గోపురం ఎక్కి స్వామికి పాగా చుడతాడు. ఆ వస్త్రాన్ని రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేస్తారు. పదకొండేళ్ల పిల్లకు ఈ సంగతి చెప్తే వంద ప్రశ్నలు అడుగుతుంది, మీకు ఇంకో అరగంట గడిచిపోతుంది.

బాబును పదకొండు ముప్పావుకు లేపండి. గాఢనిద్రలో నుంచి లేచిన పిల్లలకు పావుగంట దాకా తెలివి రాదు. సరిగ్గా హారతి వేళకు లేపితే ఏడుస్తారు, ఏమీ చూడరు. మొహం కడిగి, మంచినీళ్లు తాగించి, లింగోద్భవానికి ఎత్తుకుని నిలబెట్టండి. ఒంటిగంటకు మళ్లీ పడుకోబెట్టేయండి. ఆరేళ్ల పిల్లాడికి అంతకన్నా జాగరణ అక్కర్లేదు. పాప ఉంటానంటే ఉండనివ్వండి, పడుకుంటానంటే పడుకోనివ్వండి.

ఇప్పుడు పోయినేడాది మీరు నిద్రపోయిన వేళ వస్తుంది. ఒంటిగంటకు తలా రెండు ముక్కల పండు తినండి. ఆ తర్వాత పనులు పంచుకోండి. మీ వారు సాన మీద గంధం తీయాలి. పొడి గంధం తెస్తే ఈ పని పోతుంది, అందుకే చెక్క తెమ్మన్నాను. అభిషేకానికి సరిపడా గంధం రావడానికి ఇరవై నిమిషాలైనా అరగదీయాలి, చేయి కదులుతూ ఉన్నంతసేపు నిద్ర దరిచేరదు. మీరు తడిగుడ్డ విప్పి మారేడు దళాలు నూట ఎనిమిది ఏరి, కడిగి పళ్లెంలో పేర్చండి. అత్తయ్యగారికి పూలు, దారం ఇవ్వండి. పాప మెలకువగా ఉంటే వేడినీళ్లలో నెయ్యి కరిగిందో లేదో చూసే పని తనది. ఇవన్నీ సాయంత్రమే చేసి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. చేయకండి. ఈ వేళ కోసమే మిగల్చాలి. బోయవాడి కథలో ఉన్నదీ ఇదే. చెట్టు మీద నిద్రపోతే కింద పడి పులి నోట్లో పడతానని, రాత్రంతా ఒక్కో మారేడాకు తుంచి కిందికి వేస్తూ కూర్చున్నాడు. కింద లింగముందని అతనికి తెలియదు. చేతికి పని ఉండబట్టే అతని జాగరణ నిలబడింది.

రెండుంబావుకు అభిషేకం మొదలైతే మూడుంబావుకు హారతి అవుతుంది. మూడుంబావు నుంచి నాలుగున్నర దాకా అన్నిటికన్నా కష్టమైన సమయం. ఒంటి వేడి తగ్గిపోయి, వణుకూ మత్తూ కలిసి వస్తాయి. కూర్చోకండి. మొహం, మోకాళ్ల కింద కాళ్లు చన్నీళ్లతో కడుక్కుని ప్రదక్షిణలు మొదలుపెట్టండి. శివాలయంలో సోమసూత్రం దాటకూడదు కాబట్టి అక్కడి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చే చండీ ప్రదక్షిణం చేస్తారు. అభిషేక జలం పారుతూ ఉంటుంది కాబట్టి ఆ చోట నేల జారుడుగా ఉంటుంది, చూసుకుని నడవండి. కాళ్లు నొప్పెడితే ఆగి, అష్టోత్తరం పైకి చదువుకోండి. ఒకరు నామం చెప్తే ఇంకొకరు నమః అనాలి. మనసులో చదివితే మూడు నిమిషాల్లో మత్తు కమ్మేస్తుంది. నమః అనే మనిషి ఆలస్యంగా అంటున్నా, ఒకటి రెండు నామాలు వదిలేస్తున్నా కళ్లు తెరిచే నిద్రపోతున్నారని గుర్తు. లేపి నాలుగడుగులు నడిపించండి, లేదా ఇద్దరూ పాత్రలు మార్చుకోండి. గుడి వాళ్లను అడిగితే గిన్నెలు కడగడం, మండపం ఊడవడం ఏదో ఒక పని ఆ వేళ తప్పకుండా దొరుకుతుంది. అడిగి చేసేవాళ్లు తక్కువ కాబట్టి సంతోషంగా ఇస్తారు.

ఫోన్ వెలుగు కళ్లు మూతపడకుండా ఆపుతుంది, నిజమే. పట్నాల్లో శివరాత్రికి సినిమాహాళ్లలో రాత్రంతా ప్రత్యేక ఆటలు వేయడం కూడా ఉంది. కానీ అందువల్ల దక్కేది మెలకువ ఒక్కటే. శివుడి సన్నిధిలో ఉండాలని వచ్చినవాళ్లు ఆ సన్నిధిలోనే పని వెతుక్కోవాలని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లలకు మాత్రం నడుమ కాసేపు అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడుకుంటే తప్పేమీ లేదు.

నాలుగున్నర దాటితే గట్టెక్కినట్టే. సుప్రభాతం, నాలుగో జాము తేనె అభిషేకం, జనం మళ్లీ రావడం మొదలవుతాయి. నిద్ర కూడా తేలిపోతుంది. తేనె పోశాక పానవట్టం చుట్టూ నీళ్లు బాగా పోయమని అర్చకులకు గుర్తుచేయండి, లేకపోతే మర్నాడంతా చీమలే.

సూర్యోదయం అయ్యాక ఇంటికి వెళ్లి, స్నానం చేసి, దీపం పెట్టి, ఎవరికైనా భోజనం పెట్టి లేదా స్వయంపాకం ఇచ్చి పారణ చేయండి. ఆ రోజు సాధారణంగా అమావాస్య కూడా అవుతుంది. మీ వారికి తర్పణాలు ఇచ్చే విధి ఉంటే అవి అయ్యాకే భోజనం, కాబట్టి వంట వేళ దానికి తగ్గట్టు చూసుకోండి. మొదటి ముద్ద పెసరపప్పు, నెయ్యి, మెత్తటి అన్నంతో తినండి. ఖాళీ కడుపుతో గారెలు, పులిహోర మీద పడితే మధ్యాహ్నానికి కడుపుబ్బరం తప్పదు. అత్తయ్యగారి పొద్దుటి మాత్ర ఎప్పుడు, ఎంత వేయాలో కూడా డాక్టర్ దగ్గర ముందే రాయించి ఉంచుకోండి.

ఇంకొకటి, పొద్దున ఇంటికి వెళ్లేటప్పుడు మీ వారిని బండి నడపనివ్వకండి. తెల్లారాక నిద్ర పోయిందనిపించినా, కదులుతున్న బండి మీద చల్లగాలి తగలగానే రెప్ప పడుతుంది. గుడి దగ్గరైతే నడిచి వెళ్లండి. దూరమైతే రాత్రి నిద్రపోయిన బంధువునో ఆటో అతన్నో ముందురోజే మాట్లాడి పెట్టుకోండి.